పీహెచ్‌డీ వైవాకి బయటి ఎగ్జామినర్‌ను పిలవడం ఎలా: తేదీ, రైలు, బోర్డు

పరీక్షల విభాగం నుంచి "రిపోర్టులు రెండూ వచ్చాయి, వైవా పెట్టుకోవచ్చు" అని కబురు అందిన రోజు స్కాలర్‌కి పండగే. ఆ సాయంత్రమే గైడ్‌కి ఫోన్ వస్తుంది: "సార్, వచ్చే గురువారం పెట్టేద్దామా?" గురువారం మంచి రోజే కావచ్చు. కానీ ఎగ్జామినర్ ఎక్కడో హైదరాబాద్ నుంచి రావాలి. ఆ రోజు ఆమెకు వీలవుతుందా, బండిలో బెర్తు దొరుకుతుందా, మన హెడ్ ఊళ్లో ఉంటారా అన్నవి తేలకుండా అనుకున్న తేదీ ఒక్క ఫోన్‌తో మారిపోతుంది. మారిన ప్రతిసారీ మళ్లీ కాగితాలు తిరగాలి.

మొదటిసారి వైవా పెట్టిస్తున్న గైడ్‌ల కోసం ఇది రాస్తున్నాను. స్కాలర్లు కూడా చదవండి, పరుగులు సగం మీవే. నేను ఉండేది నెల్లూరులో. మా జిల్లా యూనివర్సిటీ విక్రమ సింహపురి ఊరికి దక్షిణంగా, కాకుటూరు దగ్గర జాతీయ రహదారి పక్కన ఉంది. నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ విమానాశ్రయం లేదు. అందుకే మన దగ్గర వైవా తేదీని ఎక్కువగా నిర్ణయించేది రైలే.

చెప్పేది తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఉదాహరణ అనుకుందాం. అర్థశాస్త్రంలో ఒకమ్మాయి ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు మండలాల రొయ్యల రైతుల అప్పుల మీద థీసిస్ రాసింది. జూన్ 10న సమర్పించింది. అక్టోబరు ఆఖరుకి రిపోర్టులు రెండూ వచ్చాయి. నవంబరు 3న వైవా ఆర్డరు గైడ్ చేతికి అందింది. వైవాకి రావాల్సిన ఎగ్జామినర్ హైదరాబాద్‌లో ఉండే ఒక ప్రొఫెసర్ మేడమ్.

ముందు ఆర్డరు, రిపోర్టులు చదవండి

తేదీ గురించి ఆలోచించే ముందు ఒక గంట కూర్చుని కాగితాలు చదవండి. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం గైడ్‌తో పాటు కనీసం ఇద్దరు బయటి ఎగ్జామినర్లు థీసిస్ దిద్దాలి. ఆ ఇద్దరూ సరేనన్నాకే వైవా. వాళ్లు సవరణలు అడిగి ఉంటే అవి కూడా చేసి ఉండాలి. ఒకరు వద్దంటే, ఆమోదించిన ప్యానెల్‌లోంచి ఇంకొకరికి థీసిస్ వెళుతుంది. ఆయన సరేనంటేనే వైవా. కాబట్టి "రిపోర్టులు వచ్చాయి" అన్న మాట ఒక్కటే చాలదు, వాటిలో ఏం రాశారన్నది ముఖ్యం.

మన ఉదాహరణలో హైదరాబాద్ మేడమ్ సరేనన్నారు. రెండో ఎగ్జామినర్ కూడా సరేనంటూనే రెండు ప్రశ్నలు రాశారు. దళారుల దగ్గర తీసుకున్న అప్పు మీద వడ్డీ ఎలా లెక్కకట్టారు? కౌలు చెరువుల రైతులను విడిగా ఎందుకు చూపలేదు? ఇవి వైవాలో తప్పకుండా వస్తాయి. రెండో ఎగ్జామినర్ రాకపోయినా, ఆయన ప్రశ్నలను వచ్చిన ఎగ్జామినరే అడుగుతారు. స్కాలర్ చేత ఒక్కో ప్రశ్నకి ఒక్కో పేరా చొప్పున జవాబు రాయించండి. థీసిస్‌లో ఏ పేజీలో ఏం మార్చారో కూడా అందులో ఉండాలి. వైవాకి వారం ముందు ఆ కాగితం ఎగ్జామినర్‌కి చేరితే, గదిలో సగం సమయం దీని మీదే పోకుండా ఉంటుంది.

రెండోది, ఆర్డరులో థీసిస్ పేరు. అట్ట మీద ఉన్న పేరు, రిజిస్ట్రేషన్ నాటి పేరు, ఆర్డరులో టైప్ చేసిన పేరు, ఈ మూడూ అక్షరం తేడా లేకుండా ఉన్నాయా చూడండి. ఒకచోట నేను చూసిన ఫైల్‌లో ఆర్డరు టైప్ చేసినప్పుడు ఒక మండలం పేరు జారిపోయింది. ఎవరూ గమనించలేదు. వైవా బాగా జరిగింది, అందరూ సంతకాలు పెట్టారు. రిపోర్టు పైకి వెళ్లాక పేర్లు కలవడం లేదని వెనక్కి వచ్చింది. అప్పటికి ఎగ్జామినర్ తన ఊళ్లో ఉన్నారు. ఆ సంతకం మళ్లీ తెప్పించడానికి మూడు వారాలు పట్టింది. ఉద్యోగం ఇంటర్వ్యూకి ప్రొవిజనల్ సర్టిఫికెట్ కోసం ఎదురుచూస్తున్న ఆ అబ్బాయి పడ్డ టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది. తప్పు కనిపిస్తే తేదీ పక్కన పెట్టి, ముందు సవరించిన ఆర్డరు తెచ్చుకోండి.

మూడోది గడువు. థీసిస్ ఇచ్చిన రోజు నుంచి వైవా ఫలితం ప్రకటించే దాకా మొత్తం పని ఆరు నెలల్లో అయిపోవాలని అవే నిబంధనలు చెబుతున్నాయి. మన అమ్మాయి విషయంలో అది డిసెంబరు 10. ఆ తేదీని క్యాలెండర్‌లో గుండ్రం చుట్టి పెట్టుకోండి.

మొదటి ఫోన్ గైడే చేయాలి

ఎగ్జామినర్ పేరు ఆర్డరు వచ్చేదాకా గోప్యంగా ఉంచాల్సినది. వచ్చాక కూడా మొదటి ఫోన్ స్కాలర్ చేయకూడదు. తన థీసిస్ దిద్దిన మనిషికి స్కాలర్ నేరుగా ఫోన్ చేస్తే ఇద్దరికీ ఇబ్బందే, చూసేవాళ్లకీ బాగుండదు. తేదీ ఖాయమై ప్రయాణం మొదలయ్యాక, స్టేషన్‌కి ఎవరు వస్తారో చెప్పడం వరకూ స్కాలర్ మాట్లాడొచ్చు.

ఫోన్‌లో "ఫలానా తేదీకి వస్తారా?" అని అడగకండి. మొహమాటానికి సరే అనేస్తారు, తర్వాత వాయిదా కోరతారు. ఇలా అడగండి: "మేడమ్, నవంబరు, డిసెంబరు మొదటి వారం కలిపి మీకు కుదిరే మూడు రోజులు చెప్పండి. ఏ ఊరి నుంచి బయలుదేరతారు? రాత్రి ప్రయాణం ఫర్వాలేదా?" బయలుదేరే ఊరు తప్పకుండా అడగాలి. ఉద్యోగం హైదరాబాద్‌లోనే అయినా ఆ వారం కూతురి దగ్గర బెంగళూరులో ఉండొచ్చు. మోకాళ్ల నొప్పులుంటే కింది బెర్తు కావాలి. షుగర్ ఉంటే భోజనం వేళ దాటకూడదు. ఒక్కరే వస్తున్నారా, వెంట ఎవరైనా ఉన్నారా అన్నదీ ముందే తెలియాలి, గది దాన్ని బట్టే మాట్లాడాలి.

మన వైపు వచ్చే వాళ్లలో చాలామంది "ఎలాగూ అంత దూరం వస్తున్నాం, తిరుమల వెళ్లొస్తాం" అంటారు. అందులో తప్పు లేదు. కానీ ఆ మాట మొదటి ఫోన్‌లోనే బయటికి రావాలి. మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు నెలల ముందే విడుదలవుతాయి. వాళ్ల దగ్గర ఇప్పటికే ఒక తేదీకి టికెట్ ఉంటే వైవా ఆ తేదీ పక్కనే పెట్టాల్సి వస్తుంది. తిరుగు ప్రయాణం కూడా నెల్లూరు నుంచి కాకుండా తిరుపతి నుంచి ఉంటుంది. ఆ సొంత ప్రయాణం ఖర్చు వైవా బిల్లులో కలవకూడదని మర్యాదగా అప్పుడే చెప్పేయండి. దర్శనం ఏర్పాట్లు స్కాలర్ నెత్తిన మాత్రం పెట్టకండి.

ఫోన్‌లో మాట్లాడింది అదే రోజు మెయిల్‌లో రాసి పంపండి. నేను ఇలా రాస్తాను:

"మేడమ్, నమస్కారం. ఈరోజు ఫోన్‌లో అనుకున్న ప్రకారం మీకు కుదిరే రోజులు నవంబరు 13, నవంబరు 21, డిసెంబరు 4. హెడ్‌తో మాట్లాడి వీటిలో ఒకదాన్ని రెండు రోజుల్లో ఖాయం చేసి రాస్తాను. అప్పటిదాకా దయచేసి టికెట్ తీసుకోకండి."

ఆ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. కొందరు చాలా మంచివాళ్లు, ఫోన్ పెట్టగానే టికెట్ కొనేస్తారు.

తిరుగు బండి నుంచి వెనక్కి లెక్క

ఇప్పుడు మీ ముందు మూడు తేదీలున్నాయి. చాలామంది వచ్చే బండి చూసి తేదీ ఖాయం చేస్తారు. నేను తిరుగు బండి ముందు చూస్తాను. వచ్చేటప్పుడు ఆలస్యమైతే వైవా ఒక గంట వెనక్కి జరుగుతుంది, అంతే. తిరుగు బండికి టైమ్ చాలకపోతే మాత్రం వైవా మధ్యలోనే ఎగ్జామినర్ గడియారం చూసుకోవడం మొదలుపెడతారు. నష్టపోయేది స్కాలరే. నాలుగేళ్ల పని మీద నింపాదిగా సాగాల్సిన చర్చ ఇరవై నిమిషాల్లో ముగుస్తుంది, రిపోర్టు నిలబడే రాసేస్తారు.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకి సింహపురి ఎక్స్‌ప్రెస్ బాగా కుదురుతుంది. రాత్రి సికింద్రాబాద్‌లో ఎక్కితే పొద్దున నెల్లూరులో దిగొచ్చు. తిరుగు బండి మళ్లీ రాత్రి ప్రయాణమే కాబట్టి పగలంతా వైవాకి దొరుకుతుంది. సాయంత్రం హైదరాబాద్‌లో బయలుదేరే తిరుపతి, చెన్నై బండ్లు కూడా ఉన్నాయి గానీ అవి అర్ధరాత్రి దాటాక నెల్లూరు చేరతాయి. ఆ వేళప్పుడు దిగి, గదికి చేరి, నిద్ర చాలక పొద్దున థీసిస్ ముందు కూర్చోవడం ఎవరికైనా కష్టమే. విజయవాడ నుంచి వచ్చేవాళ్లకి పినాకిని ఉంది. పొద్దున బయలుదేరి ఎండెక్కే వేళకి నెల్లూరు చేరుస్తుంది, సాయంత్రం చెన్నై నుంచి వచ్చే పినాకినిలోనే వెనక్కి వెళ్లొచ్చు. అలా వచ్చే రోజు వైవాని పన్నెండుకి ముందు పెట్టకండి, బండి గంట ఆలస్యమైనా తట్టుకోవాలి. చెన్నై ఎగ్జామినర్ పినాకినిలో వస్తే సాయంత్రానికి దిగుతారు, అంటే ముందు రోజే వచ్చి ఉండాలి. విమానంలో వచ్చేవాళ్లు చెన్నైలోనో రేణిగుంటలోనో దిగాలి. చెన్నై విమానాశ్రయం నుంచి కారులో మూడున్నర నాలుగు గంటలు పెట్టుకోండి, అది కూడా నగరం ట్రాఫిక్ కనికరిస్తే. ఏ బండికైనా ఆ వారం వేళలు, ఏ రోజుల్లో నడుస్తుందన్నది టికెట్ తీసే ముందు మళ్లీ చూసుకోవాలి. రైల్వే వేళలు మారుతుంటాయి.

మన మూడు తేదీల్లో నవంబరు 13 మరీ దగ్గర. సర్క్యులర్ తిరిగి, అందరికీ తెలిసి, గది కుదరడానికి పది రోజులు చాలవు. డిసెంబరు 4 వినడానికి బాగుంది కానీ గడువుకి ఆరు రోజులే మిగులుతాయి. పైగా తుపాన్ల నెల. వాయిదా పడితే ఇంకో తేదీకి చోటే ఉండదు. అలా 21, శుక్రవారం మిగిలింది. ఆ రోజు వాయిదా పడినా డిసెంబరు 4 చేతిలో ఉంటుంది. మూడు తేదీలు అడగమన్నది ఇందుకే.

శుక్రవారం అనగానే స్కాలర్ వాళ్లమ్మ అభ్యంతరం చెప్పింది. పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా ఈ సంగతి ముందే అడిగేయండి. టికెట్లు కొన్నాక, సర్క్యులర్ వెళ్లాక "సార్, ఇంట్లో ఒప్పుకోవడం లేదు" అన్న ఫోన్లు నాకు వచ్చాయి. ఇక్కడ పరిష్కారం తేలికే. సింహపురి పొద్దున్నే దింపుతుంది కాబట్టి పది గంటలకే వైవా మొదలుపెట్టొచ్చు. ఇంటివాళ్లు సంతోషించారు, మాకూ భోజనానికి ముందే రిపోర్టు అయిపోతుంది.

ఊళ్లో పండగలు కూడా చూసుకోండి. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ జరిగే రోజుల్లో నెల్లూరుకి లక్షల మంది వస్తారు. లాడ్జీలు దొరకవు, రైళ్లలో చోటు ఉండదు. అది చాంద్రమానం ప్రకారం వస్తుంది కాబట్టి ప్రతి ఏడాదీ తేదీ ముందుకి జరుగుతుంది, పోయినేడాది తేదీని నమ్ముకోకండి. యూనివర్సిటీ సెమిస్టర్ పరీక్షల రోజులైతే హాలూ దొరకదు, సిబ్బందీ దొరకరు.

టికెట్ దగ్గర ఒక హెచ్చరిక. అర్ధరాత్రి దాటాక నెల్లూరుకి వచ్చే బండికి తేదీ మారుతుంది. శుక్రవారం 21 రాత్రి భోజనం చేసి 12:40 బండి ఎక్కాలంటే నెల్లూరు నుంచి టికెట్ 22వ తేదీకి తీయాలి. ఒకసారి నేను దీన్ని సరిగ్గా చూడలేదు. వైవా తేదీకే తిరుగు టికెట్ తీయించాను. పాపం ఆ ప్రొఫెసర్ గారు స్టేషన్‌లో కోచ్ వెతుక్కుంటుంటే తెలిసింది, ఆ బండి ఆయన నెల్లూరులో దిగకముందే వెళ్లిపోయిందని. అర్ధరాత్రి బస్సు పట్టుకుని వెళ్లారు. అరవై దాటిన మనిషి. అప్పటి నుంచి టికెట్ పంపేటప్పుడు "శుక్రవారం రాత్రి తెల్లవారితే శనివారం" అని తేదీ పక్కన రాసి పంపుతున్నాను.

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. రెండు మూడు వారాల ముందు చూస్తే వెయిటింగ్ లిస్టు ఉండొచ్చు. అందుకే తేదీ ఖాయమైన రోజే రానూ పోనూ రెండు టికెట్లూ తీయండి. తత్కాల్ మీద వైవా పెట్టుకోకండి. అది ముందు రోజు పొద్దున తెరుస్తారు, దొరక్కపోతే అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు.

బోర్డులో ఎవరు, ప్రేక్షకుల్లో ఎవరు

ఇక్కడ చాలామంది గందరగోళపడతారు. యూజీసీ నిబంధన అడిగేది గైడ్, ఇద్దరు బయటి ఎగ్జామినర్లలో కనీసం ఒకరు. వీళ్లతో వైవా బోర్డు అవుతుంది. దీనికి తోడు మీ యూనివర్సిటీ సొంత నిబంధనల్లో హెడ్‌నో, బోర్డ్ ఆఫ్ స్టడీస్ చైర్మన్‌నో, డీన్‌నో కలిపి ఉండొచ్చు. అది ఆర్డరులో రాసి ఉంటుంది. ఆర్డరులో పేరు లేని మనిషి రిపోర్టు మీద సంతకం పెట్టకూడదు. ఆర్డరులో పేరున్న మనిషి సంతకం లేకుండా రిపోర్టు వెళ్లకూడదు.

వైవా బహిరంగంగా జరగాలి. రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ సభ్యులు, డిపార్ట్‌మెంట్ అధ్యాపకులు, ఇతర స్కాలర్లు, విద్యార్థులు కూర్చోవచ్చు, ప్రశ్నలు అడగొచ్చు. వాళ్లు సంతకం పెట్టేది హాజరు పట్టీలో. ఆ పట్టీని ముందే గీసి పెట్టండి: పేరు, హోదా, సంతకం. వైవా నిజంగా బహిరంగంగా జరిగిందనడానికి చూపించగలిగేది ఆ కాగితమే.

ప్రతి సభ్యుడినీ విడిగా అడగండి, "21న ఊళ్లోనే ఉంటారా?" అని. మా ఉదాహరణలో హెడ్ ఆ వారం సెలవు పెట్టారు. అలాంటప్పుడు "ఇన్‌ఛార్జి చూసుకుంటారులే" అన్న నోటిమాట చాలదు. ఇన్‌ఛార్జి బాధ్యతలు అప్పగించిన కాగితం కాపీ తీసుకుని వైవా ఫైల్‌లో పెట్టాలి. లేకపోతే రిపోర్టు మీద ఆ సంతకం ఎవరిదని తర్వాత అడుగుతారు. గైడ్ రిటైరై ఉన్నా, వేరే ఊరికి మారినా అంతే. వైవాకి కూర్చునే అధికారం ఆయనకి ఆర్డరులో ఉందా లేదా ముందే తేల్చుకోండి.

బోర్డు ఖాయమయ్యాక సర్క్యులర్. హెడ్ సంతకంతో స్కాలర్ పేరు, థీసిస్ పేరు, గైడ్ పేరు, తేదీ, టైమ్, గది, అందరికీ ఆహ్వానం. ఎగ్జామినర్ పేరు రాయాలా వద్దా అన్నది యూనివర్సిటీ అలవాటును బట్టి చేయండి. ఎన్ని రోజుల ముందు వెళ్లాలో మీ నిబంధనల్లో ఉంటుంది, నేను మాత్రం పదిహేను రోజులు ఉండేలా చూసుకుంటాను. మన లెక్కలో అది నవంబరు 6. కాపీలు పరీక్షల విభాగానికి, ఇతర డిపార్ట్‌మెంట్లకి, నోటీసు బోర్డుకి. నోటీసు బోర్డు మీద అంటించాక ఫోన్‌తో ఒక ఫొటో తీసి ఉంచుకోండి.

డబ్బు సంగతి ముందే మాట్లాడండి

ఎగ్జామినర్ ప్రయాణ ఖర్చు, వైవా పారితోషికం యూనివర్సిటీ ఇస్తుంది. ఏ క్లాసు రైలు టికెట్‌కి అర్హత ఉంది, విమానానికి ముందస్తు అనుమతి కావాలా, సొంత కారులో వస్తే ఎంత ఇస్తారు, ఇవన్నీ ఆఫీసు సూపరింటెండెంట్‌ని అడిగి తెలుసుకున్నాకే ఎగ్జామినర్‌కి చెప్పండి. అనుమతి లేకుండా విమానం టికెట్ కొన్నాక, రైలు ఛార్జీ మాత్రమే ఇస్తామని చెప్పాల్సి వస్తే చాలా సిగ్గుపడాలి. బిల్లుకి కావాల్సినవి సాధారణంగా టికెట్లు, విమానమైతే బోర్డింగ్ పాసులు, పాన్ నంబరు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ కాపీ. ఇవి వెంట తెచ్చుకోమని వారం ముందే రాయండి. ఆ రోజే ఫారాల మీద సంతకం అయిపోతే మళ్లీ పోస్టులో తిరగవు.

ఈ ఖర్చులు స్కాలర్ పెట్టుకోవడం చాలాచోట్ల అలవాటైపోయింది. కారు, గది, భోజనాలు, పట్టుచీర, వెండి సామాను. ఇది నాకు మనసుకి కష్టం కలిగించే విషయం. ఫెలోషిప్ ఆగిపోయి, పెళ్లై, చిన్నపిల్లతో ఉన్న అమ్మాయి చేత వడ్డీకి అప్పు చేయించి భోజనాలు పెట్టించడం న్యాయం కాదు. పరీక్ష రాసేవాళ్లు పరీక్షకుడికి బహుమతులివ్వడం అసలే తప్పు. నేను నా స్కాలర్లకి మొదటే చెబుతాను, శాలువా కూడా వద్దని. గెస్ట్ హౌస్ గది హెడ్ ఉత్తరంతో బుక్ చేస్తాం, స్టేషన్ నుంచి తీసుకురావడానికి యూనివర్సిటీ వాహనం అడుగుతాం, అది దొరక్కపోతే నేను వెళతాను. ఎగ్జామినర్ భోజనం డిపార్ట్‌మెంట్ చూసుకుంటుంది. వైవా అయ్యాక స్కాలర్ తన సంతోషం కొద్దీ అందరికీ స్వీటు పంచితే కాదనం.

వానొస్తే

నవంబరు, డిసెంబరులో నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వైవా పెట్టేవాళ్లు ఈశాన్య రుతుపవనాలను లెక్కలోకి తీసుకోవాలి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిని బండ్లు రద్దయ్యాయి, కోవూరు వైపు జాతీయ రహదారి మీద రాకపోకలూ ఆగిపోయాయి. విజయవాడ వైపు నుంచి నెల్లూరు రావడానికి దారే లేని రోజులవి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడూ రైళ్లు నిలిచిపోయాయి.

యూజీసీ నిబంధనలు వైవాని ఆన్‌లైన్‌లో జరపడానికి ఒప్పుకుంటాయి. కానీ బండి రద్దయిన రాత్రి మీరు సొంతంగా "లింకు పంపుతాం మేడమ్" అనకూడదు. ఆర్డరులో నేరుగా హాజరు కావాలని ఉంటే, ఆన్‌లైన్‌కి మార్చడానికి అనుమతి కాగితం కావాలి. అందుకే తేదీ తెలియజేస్తూ పరీక్షల విభాగానికి పంపే ఉత్తరంలోనే ఒక వాక్యం కలపండి: "వర్షాల వల్ల రైళ్లు రద్దయితే అదే తేదీన, అదే సమయానికి ఆన్‌లైన్‌లో జరపడానికి అనుమతి కోరుతున్నాం." పచ్చజెండా ముందే వచ్చి ఉంటే ఆ రాత్రి హడావుడి ఉండదు.

ఆన్‌లైన్ అయినా స్కాలర్, గైడ్, మిగతా సభ్యులు డిపార్ట్‌మెంట్ గదిలోనే కూర్చోవాలి, ఎగ్జామినర్ మాత్రమే తెర మీద ఉండాలి. లింకు సర్క్యులర్‌లోనూ పెట్టాలి, లేకపోతే బహిరంగం అన్న మాట నిలవదు. ఎగ్జామినర్ రిపోర్టు మీద సంతకం చేసి, స్కాన్ తీసి, తన సంస్థ ఇచ్చిన మెయిల్ నుంచే పంపాలి. అసలు కాగితం పోస్టులో రావాలి. కరెంటు పోతే ఇంటర్నెట్ కూడా పోతుంది కాబట్టి ఇద్దరి ఫోన్లలో డేటా ఉండేలా చూసుకోండి.

ఆ రోజు

ముందు రోజు సాయంత్రం ఎగ్జామినర్‌కి ఒకే ఒక్క మెసేజ్ పంపండి. అందులో అన్నీ ఉండాలి: "మేడమ్, రేపు పొద్దున నెల్లూరు స్టేషన్‌లో మీ కోచ్ దగ్గరికే మనిషి వస్తాడు. కారు నంబరు, డ్రైవర్ ఫోన్ కింద ఇస్తున్నాను. గదిలో కాసేపు విశ్రాంతి తీసుకున్నాక తొమ్మిదింబావుకి క్యాంపస్‌కి బయలుదేరదాం. పది గంటలకి వైవా." పది మెసేజ్‌లుగా పంపితే ఏది ఎక్కడుందో ఆమెకి దొరకదు. ఎంత ఆలస్యమైనా ఆమె స్టేషన్‌లో ఒంటరిగా నిలబడే పరిస్థితి రాకూడదు, కాబట్టి బండి ఎక్కడుందో ఫోన్‌లో చూస్తూ మనిషిని పంపండి.

గది ముందు రోజే తెరిపించి చూడండి. ప్రొజెక్టర్‌కి స్కాలర్ ల్యాప్‌టాప్ తగిలించి ఒక్కసారి నడిపించండి. టేబుల్ మీద థీసిస్ కాపీ, రెండు రిపోర్టులు, స్కాలర్ రాసిన జవాబులు, హాజరు పట్టీ, వైవా రిపోర్టు ఫారాలు అవసరమైన దానికంటే రెండు ఎక్కువ, కవర్లు ఉండాలి. అటెండర్‌కి ముందే చెప్పి ఉంచండి: "అన్నా, పదిన్నరకి టీ వద్దు, ప్రశ్నలు మొదలవుతాయి. పదకొండుకి తీసుకురా." చిన్న విషయమే, కానీ స్కాలర్ కష్టమైన ప్రశ్నకి జవాబు చెబుతుండగా కప్పుల చప్పుడైతే ఆలోచన తెగిపోతుంది.

ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు స్కాలర్ చెబుతుంది. తర్వాత ఎగ్జామినర్ ప్రశ్నలు, ఆ తర్వాత సభలోంచి ప్రశ్నలు. అయ్యాక స్కాలర్‌నీ మిగతావాళ్లనీ బయట కూర్చోబెట్టి బోర్డు రిపోర్టు రాస్తుంది. రిపోర్టు ఎగ్జామినర్ సొంత మాటల్లో ఉండాలి. ముందే టైప్ చేసి "సంతకం పెట్టండి మేడమ్" అనడం నేను ఒప్పుకోను. అడిగిన ప్రశ్నలు, జవాబులు తృప్తిగా ఉన్నాయా, డిగ్రీకి సిఫారసు చేస్తున్నారా, ఇవి మూడూ స్పష్టంగా ఉండాలి. వైవాలో కూడా చిన్న సవరణలు అడిగితే, అవి ఎన్ని రోజుల్లో చేయాలో, చేసినట్టు ఎవరు ధ్రువీకరించాలో రిపోర్టులోనే రాయించండి. అలా రాయించకపోతే సవరించిన థీసిస్ మళ్లీ హైదరాబాద్ వెళ్లి రావాల్సి వస్తుంది.

సంతకాలన్నీ అయ్యాక ఎగ్జామినర్ గదిలో ఉండగానే ఒక్కో కాగితం తిప్పి చూడండి. తేదీ, థీసిస్ పేరు, హాల్ టికెట్ లేదా రిజిస్ట్రేషన్ నంబరు, అందరి సంతకాలు. బిల్లు ఫారాల మీద ఆమె సంతకం. ఇదంతా పది నిమిషాల పని. ఆ మధ్యాహ్నమే సీల్ చేసిన కవరు పరీక్షల విభాగంలో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. శుక్రవారం వైవా పెట్టిన రోజు ఇది మరీ ముఖ్యం, సోమవారం దాకా కవరు మీ బీరువాలో ఉండకూడదు.

సాయంత్రం దాకా టైమ్ ఉంటే మేడమ్‌ని పెన్నా ఒడ్డున రంగనాథస్వామి గుడికి తీసుకెళ్లొచ్చు. వద్దంటే గదిలో పడుకోనివ్వండి, రాత్రంతా రైల్లో వచ్చిన మనిషి. బండికి గంట ముందు స్టేషన్‌కి చేర్చి, కదిలేదాకా ఒకరు ఉండాలి.

స్కాలర్‌కి ఇంకొక పని మిగిలి ఉంటుంది. డిగ్రీ ఇవ్వడానికి ముందే థీసిస్ సాఫ్ట్ కాపీ ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల శోధ్‌గంగలోకి వెళ్లాలి. లైబ్రరీలో ఏ రూపంలో ఫైళ్లు అడుగుతారో సోమవారమే వెళ్లి కనుక్కోమనండి. సవరణలు చేసిన కాపీనే ఇవ్వాలి, జూన్‌లో ఇచ్చిన పాత ఫైల్ కాదు.